గుండె చాటు నీడ

మా ఛాతీ వార్డులో ఒక మనిషి ఎప్పుడూ గోడకు వేలాడుతూ ఉండేవాడు. ఆయనకు ఏ జబ్బూ లేదు, అందుకే ఆయన్ని అక్కడ తగిలించాం. నేను చెబుతున్నది ఒక ఎక్స్‌రే ఫిల్ము సంగతి. కానీ అప్పట్లో మాలో ఎవరూ దాన్ని ఫిల్ము అనేవాళ్లం కాదు. 'మంచోడు' అనేవాళ్లం.

నాది కడప. మద్రాసులో డాక్టరు చదువు ముగించి కర్నూలు పెద్దాసుపత్రిలో చిన్న డాక్టరుగా చేరాను. అప్పటికే ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయింది. నాలుగు రోజులు దిగిన చుట్టాలు సర్దుకుని పోయాక ఇల్లు ఎలా ఉంటుందో, ఊరు అలా ఉండేది. సర్కారు కచేరీ గదులకు తాళాలు, వరండాల్లో పావురాలు. పట్టపగలు ఆసుపత్రి నడవలో నడుస్తుంటే నా చెప్పుల చప్పుడే వెనక నుంచి ఇంకెవరో వస్తున్నట్టు వినిపించేది. నాకు భయపడేవాళ్లంటే చిరాకు. నేనే భయపడితే ఇంకా చిరాకు. అందుకని చెప్పులు గట్టిగా టపటపలాడిస్తూ నడిచేదాన్ని.

రాజధాని ఉన్న రోజుల్లోనే, ఆ ఊపులో, ఆసుపత్రికి కొత్త ఎక్స్‌రే యంత్రం వచ్చింది. రాజధాని పోయింది గాని యంత్రం మిగిలింది. వచ్చిన కొత్తలో అది సరిగా పనిచేస్తుందో లేదో చూడటానికి, ఎక్స్‌రేలు తీసే ఆయన తన ఛాతీకే మొదటి ఫిల్ము తీసుకున్నాడట. మా పెద్ద డాక్టరు దాన్ని గోడకున్న దీపపు పెట్టె గాజు మీద పెట్టి చూసి, ఇంత శుభ్రమైన ఛాతీ ఈ జిల్లాలో ఇంకోటి దొరకదు, ఇది మనకు కొలబద్దగా ఉంటుంది అన్నాడట. ఆ రోజు మొదలు మా వార్డులో ఒక ఆచారం నిలిచిపోయింది. ఏ రోగి ఫిల్ము చూడాలన్నా దీపపు పెట్టె మీద ఎడమ పక్కన ముందు మంచోణ్ణి తగిలించాలి, కుడి పక్కన రోగిని తగిలించాలి. ఇద్దరినీ పోల్చి, వీడిలో ఏం తేడా ఉందో చెప్పాలి. నేను చేరిన మొదటి ఉదయం పెద్ద డాక్టరు నాతో అన్న మొదటి మాట, "మంచోణ్ణి పెట్టమ్మా" అని.

ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. కొలబద్దను ఎవరూ కొలిచి చూడరు. మా కళ్లు మంచోడి మీద ఒక్క క్షణం ఆగి రోగి మీదకు పోయేవి. రోజుకు ఎన్నిసార్లు చూశామో అన్నిసార్లూ చూడలేదు.

ఆ ఫిల్ము సొంతదారుది కమలాపురం దగ్గర పల్లె. తాతల కాలం నుంచీ గుడికి పోయే క్రైస్తవ కుటుంబం. నలభై దాటిన పొడుగాటి మనిషి. ఆదివారం గుడిలో పాట ఎత్తుకునేది ఆయనే. గొంతు ఎంత లావుగా ఉండేదంటే, ఎక్స్‌రే గదిలో ఊపిరి బిగబట్టమని ఆయన రోగికి చెబితే నడవలో పోయేవాళ్లు కూడా ఆగి ఊపిరి బిగబట్టేవాళ్లు. చేతిలో ఎప్పుడూ బీడీ ఉండేది. ఒకటి ఆరేలోపల ఇంకోటి అంటించేవాడు. పొద్దున ఆసుపత్రికి వచ్చేటప్పుడు ముందు దగ్గు వచ్చేది, వెనక ఆయన వచ్చేవాడు. ఆ దగ్గు విని మేం గడియారం సరిచేసుకునేవాళ్లం. ఆయన ఎడమ పక్క వెలుగుతున్న తన పక్కటెముకల కింద నిలబడి బీడీ కాలుస్తూ రోగులతో వేళాకోళమాడేవాడు.

"నేనీడ యాలాడతాంటా. నువ్వు బాగయ్యి ఇంటికి పోతాంటావు. సూడప్పా, ఎవురిది మంచి బతుకో."

ఒకసారి ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె ఆ వెలుగులోని ఎముకలను చాలాసేపు చూసి, ఆయప్ప సచ్చిపోయి ఎన్నాళ్లయిందని నన్ను అడిగింది. ఆయన అక్కడే ఉన్నాడు. పడీపడీ నవ్వి, దగ్గొచ్చి, గోడ పట్టుకున్నాడు. నాకు మాత్రం ఆమె మీద కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు తెలియలేదు.

మా ఎక్స్‌రే విద్యలో ఒక తిరకాసు గురించి ఇక్కడే చెప్పాలి. మేం నీడ అని పిలిచేది ఫిల్ములో తెల్లగా కనిపిస్తుంది. గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగా పడుతుంది. ఎముక తెల్లన, గుండె తెల్లన. ఊపిరితిత్తిలో గాలి ఉండాల్సిన చోట ఇంకేదైనా చేరితే అదీ తెల్లనే. నల్లటి చోట తెల్లటి మచ్చ పడితే గుడ్డివాడికి కూడా కనబడుతుంది. తెల్లటి గుండె వెనక తెల్లటి మచ్చ పడితే, అది అక్కడ ఉందని ముందే తెలిసినవాడికే కనబడుతుంది.

దీపపు వేడికి మంచోడు పసుపు తిరిగి, అంచులు వంకర పోయాడు. ఒక ఎండాకాలం పెద్ద డాక్టరు కొత్త మంచోణ్ణి తయారు చేయమన్నాడు. మంచోడి కోసం వేరే మనిషిని వెతికే పనేముంది? ఎక్స్‌రేలు తీసే ఆయనే చొక్కా విప్పి పలకకు ఛాతీ ఆనించి నిలబడ్డాడు. ఆయన చెప్పినట్టు మీట నేను నొక్కాను. ఆయనే తీసుకుపోయి చీకటి గదిలో మందు తొట్టిలో ముంచాడు. నాకు ఆ పని చూడటం సరదా, అందుకని వెంట పోయాను. ఎర్ర దీపం కింద ఫిల్ము మీద మొదట పక్కటెముకలు తేలాయి, తర్వాత గుండె తేలింది. ఆ గుండె లోపల, దానికంటే తెల్లగా, నిమ్మకాయంత గుండ్రంగా ఇంకొకటి తేలింది.

మందు పాతదయింది, మరక పడిందన్నాడు. ఇంకో ఫిల్ము తీశాం. అదే చోట అదే మరక. తొట్టి ఖాళీ చేసి కడిగి కొత్త మందు కలిపాడు. మళ్లీ తీశాం. మళ్లీ అక్కడే. ఆ చిన్న గదిలో బీడీ వాసన, మందు వాసన, ఆయన ఊపిరి తప్ప ఇంకేం లేవు. తడి ఫిల్మును ఎర్ర దీపానికి అడ్డం పట్టుకుని ఆయన చాలాసేపు నిలబడ్డాడు. లోపల మేమిద్దరమే ఉన్నాం. అయినా మూడో వాళ్లెవరో వచ్చి నిలబడ్డట్టు నా వీపు మీద వెంట్రుకలు లేచాయి. నాకు నిజంగా భయమేసింది.

"పక్కకు తిరిగి తీసుకుంటా డాక్టరమ్మా," అన్నాడు. "మరకైతే నాతో పాటు తిరగదు గదా."

పక్కకు తిరిగి నిలబడ్డాడు. అది కూడా ఆయనతో పాటు తిరిగింది. గుండెకు వెనక, వెన్నుకు ముందు, ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో కూర్చుని ఉంది.

ఆయన వార్డుకు వచ్చి, పాత మంచోణ్ణి తన చేత్తోనే ఎడమ పక్క తగిలించి, కొత్త ఫిల్మును కుడి పక్క తగిలించాడు. రోజూ రోగులకు చేసే పనే. ఒకే మనిషి రెండు పక్కలా వేలాడుతున్నాడు. అప్పుడు, యంత్రం వచ్చిన తర్వాత మొదటిసారి, మేమందరం మంచోణ్ణి చూశాం. గుండె తెలుపు వెనక, అంచులు కలిసిపోయి, వేరుశనగ గింజంత తెల్లటి చుక్క. ఉంది. వార్డులో ప్రతి రోగినీ పక్కన పెట్టి పోల్చింది దానితోనే. పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన ముఖం నేను ఎప్పుడూ అలా చూడలేదు.

అప్పటికైనా సరైన దారి పట్టామా అంటే లేదు. మా వార్డులో నీడ అంటే క్షయే. ఈ కరువు సీమలో వందమంది దగ్గేవాళ్లు వస్తే దాదాపు అందరిదీ అదే కథ, కాబట్టి ఆ మాట ఎక్కువసార్లు నిజమయ్యేది. నిజమవుతూ వచ్చిన మాటే ఈసారి మమ్మల్ని ముంచింది. కఫంలో క్షయ పురుగు కనబడలేదు. ఒక్కోసారి కనబడదులే అనుకున్నాం. సూది మందు మొదలుపెట్టారు. పైగా ఆయనకు ఒంట్లో బాధంటూ ఏమీ లేదు. తింటున్నాడు, పనికి వస్తున్నాడు. క్షయే అయ్యుంటే బాగుండునని నేను కోరుకున్నాను. రోగానికి పేరు పెట్టి మొక్కుకోవడం డాక్టర్లు కూడా చేస్తారు.

రెండు నెలలకు గుడిలో పాట ఎత్తుకుంటే పై స్వరం రాలేదట. పాడి పాడి గొంతు అలిసిందన్నారు. ఇంట్లో భార్య మిరియాల పాలు ఇచ్చింది. తర్వాత మామూలు మాట కూడా బొంగురుపోయింది. ఎక్స్‌రే గదిలోంచి వచ్చే గొంతు ఆయనది కాదు, గోడ అవతల ఎవరో ఆయన్ని అనుకరిస్తున్నట్టు ఉండేది. ఊపిరి బిగబట్టమంటే రోగులకు వినబడక మళ్లీ అడిగేవాళ్లు.

పెద్ద డాక్టరు గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూశాడు. రెండు స్వరతంతువుల్లో కుడిది కదులుతోంది, ఎడమది కదలకుండా పడి ఉంది. అద్దం కింద పెట్టాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. గొంతుకు పోయే ఎడమ నరం నేరుగా గొంతుకు పోదు. ఛాతీలోకి దిగి, గుండె మీది పెద్ద రక్తనాళం కింద వంపు తిరిగి మళ్లీ పైకెక్కుతుంది. అక్కడ దాన్ని ఏదో పట్టుకుంది. ఇది క్షయ కాకపోవచ్చు.

మద్రాసులో అప్పుడప్పుడే ఊపిరితిత్తిని కోసి తీసేసే ఆపరేషన్లు చేస్తున్నారు. రాచపుండు, అంటే క్యాన్సరు, ఒక్క ఊపిరితిత్తిలోనే ఉంటే దాన్ని తీసేస్తే మనిషి బతుకుతాడు. అక్కణ్ణించి కదిలితే కత్తికి పనిలేదు. ఆయన ప్రాణమంతా ఆ ఒక్క ప్రశ్న మీద నిలిచింది. భార్యను తోడు తీసుకుని మద్రాసు రైలెక్కాడు. అక్కడ నోట్లోంచి గాలిగొట్టంలోకి లోహపు గొట్టం దించి చూసి, చిన్న ముక్క తీశారు. ఛాతీ నడుమ గ్రంథులకు కూడా పాకిందనీ, కోయడానికి లేదనీ చెప్పి పంపేశారు.

ఆ ముక్కలోంచి కోసిన ఒక పొరను గాజు పలక మీద అంటించి మా ఆసుపత్రికి కొత్తగా వచ్చిన వైద్య కాలేజీకి కూడా పంపారు. అది తనకు చూపమని ఆయన నన్నడిగాడు. ఇంతకాలం ఊరందరి లోపలా చూసినవాణ్ణి, నాదెందుకు చూడకూడదన్నాడు. కాదనే మొహం నాకు లేదు.

ముందు మామూలు మనిషి గాలిగొట్టం పొర చూపించాను. సూక్ష్మదర్శినిలో నిలువుగా వరసగా నిలబడ్డ కణాలు, వాటి తలల మీద సన్నటి వెంట్రుకలు. బతికున్నప్పుడు ఆ వెంట్రుకలు రాత్రింబవళ్లు ఊగుతూ, మనం పీల్చిన దుమ్మును జిగురుతో సహా పైకి ఊడుస్తాయని చెప్పాను. తర్వాత ఆయన పలక పెట్టాను. ఆ ముక్క అంచున పొర ఇంకా అదుపు తప్పని చోట కూడా వెంట్రుకలు లేవు. ఏళ్ల తరబడి పొగ సోకి సోకి ఆ సుకుమారపు కణాలు పోయాయి. వాటి చోట కడప బండలు పరిచినట్టు బల్లపరుపు కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాయి. అవి చర్మంలో ఉండాల్సిన రకం. పొగకు తట్టుకోవడానికి ఒళ్లు తనకు తెలిసిన ఉపాయం చేసింది, లోపల తోలు కట్టుకుంది. అంతవరకు పొగ మానితే వెనక్కి తిరిగే అవకాశం ఉంటుంది. కానీ కణం విడిపోయి రెండయ్యేటప్పుడు లోపలి లెక్క తప్పుతూ ఉంటుంది. పొగ ఆ తప్పులను పెంచుతుంది. ఒకదాని మీద ఒకటి తప్పులు చేరి చేరి, ఏదో ఒక కణం ఎక్కడ ఆగాలో మరిచిపోతుంది. అది రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మొదట పొరలోనే ఉంటాయి. చివరికి కింది గట్టు తెంచుకుని లోపలికి దిగుతాయి.

ఆయన కన్ను తీయకుండా చాలాసేపు చూశాడు. నేను చూసినప్పుడు ఆ కణాలు అక్కడక్కడ గుండ్రంగా చుట్టుకుని ముత్యాల్లా కనిపించాయి. చర్మం చేయాల్సిన పనిని చర్మం లేని చోట చేస్తున్నాయి.  ఆ చీకటి గొట్టంలో, ఎవరూ చూడని చోట, చేతిదీ కాలిదీ కాని ఒక తోలు.

"నొప్పి ఎందుకు రాల్యా డాక్టరమ్మా?" అన్నాడు. గొంతు కాదు, గాలే వచ్చింది. "ముల్లు గుచ్చుకున్యా తెలుస్తాది గదా."

ఊపిరితిత్తి లోపల నొప్పి తెలిసే ఏర్పాటు లేదన్నాను. పైనున్న పొరను తాకితేనో, పక్కటెముకను తాకితేనో నొప్పి. మనిషికి అవసరానికి మించిన ఊపిరితిత్తి ఉంటుంది కాబట్టి ఒక మూల పోయినా ఆయాసం రాదు. దగ్గు వస్తుంది. కానీ బీడీ తాగేవాడి దగ్గు వెనక కొత్త దగ్గు దాక్కుంటే ఎవరు పోల్చుకుంటారు? గింజంత అయితే గాని ఫిల్ములో కనబడదు, గుండె చాటునుంటే గింజంత అయినా కనబడదు. గింజంత అయ్యేసరికే అందులో కోట్ల కణాలు ఉంటాయి, దాని ఆయుష్షులో ఎక్కువ భాగం మనకు కనబడకుండానే గడిచి ఉంటుంది. ఇవన్నీ నేను పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాను. మెల్లగా చెప్పడం నాకు చేతకాలేదు. ఆయన అన్నిటికీ తలూపాడు.

"అంటే అది శానా మర్యాదైన చుట్టం," అని నవ్వడానికి చూశాడు. దగ్గు వచ్చింది.

ఆ మరుసటి వారమే సెలవు పెట్టి ఊరికి పోయాడు. పెద్ద డాక్టరు రెండు ఫిల్ములూ తీసి బీరువాలో పెట్టించాడు. కొత్త మంచోణ్ణి తయారు చేయమని ఇంక ఎవరికీ చెప్పలేదు. దీపపు పెట్టె ఎడమ పక్క ఖాళీగా వెలుగుతూ ఉండేది. చాలాకాలం దాకా మేం రోగి ఫిల్ము తగిలించి, అలవాటుగా ఆ ఖాళీ వైపు ఒకసారి చూసి మాట్లాడేవాళ్లం.

కోతల కాలంలో నేను కడపకు మా ఇంటికి పోయినప్పుడు కమలాపురంలో దిగి వాళ్ల పల్లెకు పోయాను. ఆయన లోపలి గదిలో మంచం మీద, ఎత్తుగా పెట్టిన దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఎముకలు బయటికి కనిపిస్తున్నాయి. ఎక్స్‌రే అక్కరలేకుండానే చూడగలిగాను. నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తాడు. వేళ్ల కొసలు ఉబ్బి, గోళ్లు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఇది కూడా ఆ జబ్బు గుర్తుల్లో ఒకటి. కొంతసేపు కూర్చున్నాను. ఆయన దగ్గిన ప్రతిసారీ భార్య నీళ్లు తెచ్చి తాగించి పోయింది. మాట్లాడే ఓపిక ఆయనకు లేదు. ఆయన నిద్రలోకి జారాక బయటికి వచ్చాను.

ఆయన భార్య అరుగు మీద వేరుశనక్కాయలు వొలుస్తోంది. నన్ను కూర్చోమని చాప వేసింది. గుప్పెడు గింజలు నా చేతిలో పోసి మళ్లీ వొలవసాగింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మా, అది ఏ దినం మొదలాయ?"

ఫలానా రోజని చెప్పలేమన్నాను.

"మొదటి పటం తీసిన దినమే ఉండె గదా. ఆ దినం నాకు బాగా గుర్తుండాది. నా ఛాతీ జిల్లాలోనే మంచిదంట అని నగుకుంటా వచ్చె. ఆ సంతోషానికి ఓళిగలు చేసుకుంటిమి. ఆ దినానికే ఉండె, అవునా?"

అవునన్నాను.

"దానికి ముందో? పాప కడుపున పడినప్పుడు?"

ఉండవచ్చునన్నాను. అబద్ధం చెబితే ఆమెకు తెలిసిపోతుంది. గింజంత కావడానికే ఏళ్లు పడుతుంది, దానికి ముందు కణాలు మారడానికి ఇంకా ఏళ్లు పడుతుంది.

ఆమె చేతులు ఆగాయి. ఒక్కొక్క రోజునూ పైకి తీసి చూసుకుంటోందని నాకు అర్థమైంది. మిద్దె వేసుకున్న రోజు, కాలవకు నీళ్లు వదిలిన రోజు, పాపకు పేరు పెట్టిన ఆదివారం. తన సంసారంలో ఏ రోజును పట్టుకున్నా ఆ రోజు ఆయన బాగానే ఉన్నాడు, నవ్వాడు, తిన్నాడు. ఏ ఒక్కరోజూ ఇది ఇంకా రాకముందు అని గట్టిగా చెప్పుకోవడానికి లేదు. నేను చదివిన చదువుకు నా మీదే అసహ్యం వేసింది.

"అట్లయితే," అంది చివరికి, చాలా మెల్లగా, లోపల పడుకున్న మనిషికి వినబడకూడదన్నట్టు, "ఇన్నేండ్లూ నేను ఇద్దరికీ వడ్డించినానా అమ్మా?"

 లోపల నుంచి దగ్గు వినిపించింది. అంతవరకు ఆ దగ్గు వినగానే లేచి నీళ్లు తీసుకుపోయిన మనిషి, ఈసారి కొంతసేపు కదలకుండా గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.